రాడార్ గన్ లెక్కలో ఆ ‘రెండు’ ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రశ్న: 24.150 గిగాహెర్ట్జ్ రాడార్ గన్, ఎదురుగా గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వస్తున్న కారు. డాప్లర్ సూత్రం వేస్తే నాకు 2014 హెర్ట్జ్ తేడా వచ్చింది, పుస్తకంలో మాత్రం 4028 అని ఉంది. కారు తరంగాలను తిప్పి పంపుతుందే తప్ప తయారు చెయ్యదు కదా, మరి రెండుతో ఎందుకు గుణించాలి? అంత పెద్ద పౌనఃపున్యంలో ఇంత చిన్న తేడాను గన్ ఎలా పట్టుకుంటుంది? గన్‌ను శ్రుతిదండంతో పరీక్షిస్తారని విన్నాను. శ్రుతిదండం ఎటూ ప్రయాణించదు, అయినా అది వేగం ఎలా చూపిస్తుంది?

సమాధానం:

మీ 2014 తప్పు సంఖ్య కాదు. అది సగం దారిలో ఆగిపోయిన సంఖ్య. కారులో కూర్చున్న మనిషి దగ్గర పౌనఃపున్యాన్ని కొలిచే పరికరం ఉంటే, గన్ పంపిన తరంగం అతనికి 2014 హెర్ట్జ్ ఎక్కువగా కనిపిస్తుంది. గన్ కొలిచేది అక్కడ కాదు, ఆ తరంగం తిరిగి తన దగ్గరకు చేరాక. ఆ తిరుగు ప్రయాణంలో ఇంకో మార్పు జరుగుతుంది.

‘డాప్లర్ సూత్రాన్ని రెండుసార్లు ప్రయోగించండి’ అని చెప్పి వదిలేయడం నాకు నచ్చదు. అలా చెబితే రెండో మార్పు ఎందుకు జరగాలో తెలియకుండానే లెక్క పూర్తవుతుంది. తరంగ శిఖరాలను ఒక్కొక్కటిగా వెంబడిస్తే విషయం కళ్లముందు కనబడుతుంది కాబట్టి ఆ దారిలోనే వెళ్దాం.

గన్ సెకనుకు 2415 కోట్ల శిఖరాలను పంపుతుంది. కాంతి వేగాన్ని ఆ సంఖ్యతో భాగిస్తే రెండు శిఖరాల మధ్య దూరం, అంటే తరంగదైర్ఘ్యం, 12.414 మిల్లీమీటర్లు. ఒక శిఖరం కారు ముందుభాగాన్ని తాకిన క్షణాన, రెండో శిఖరం దానికి సరిగ్గా 12.414 మిల్లీమీటర్ల వెనుక ఉంటుంది. కారు ఆగి ఉంటే ఆ దూరాన్ని శిఖరం ఒక్కటే దాటాలి. ఇప్పుడు కారు కూడా ఎదురు వస్తోంది కాబట్టి ఆ దూరాన్ని ఇద్దరూ కలిసి పూర్తిచేస్తారు. తరంగదైర్ఘ్యాన్ని λ, కాంతి వేగాన్ని c, కారు వేగాన్ని v అనుకుంటే, రెండు తాకిడుల మధ్య కాలం λ/c కాదు, λ/(c+v). దీన్ని T అందాం. మీరు చేసిన లెక్క ఇంతవరకే: కారు శిఖరాలను కొంచెం త్వరత్వరగా అందుకుంటోంది.

తాకిన ప్రతి శిఖరమూ వెంటనే వెనుదిరుగుతుంది. మొదటి శిఖరం వెనుదిరిగి T కాలంలో గన్ వైపు cT దూరం వెళుతుంది. ఈలోగా కారు ఆగి చూడడం లేదు, అది కూడా అదే దిశలో vT దూరం ముందుకు జరుగుతుంది. రెండో శిఖరం ఆ జరిగిన చోటు నుంచి వెనుదిరుగుతుంది. కాబట్టి తిరిగి వెళుతున్న రెండు శిఖరాల మధ్య దూరం cT కాదు, (c−v)T మాత్రమే. అంటే పరావర్తనం చెందిన తరంగం మరోసారి కుంచించుకుపోయింది. మొదటి మార్పుకు కారణం కారు శిఖరాలకు ఎదురు వెళ్లడం, రెండో మార్పుకు కారణం కారు తాను తిప్పి పంపిన శిఖరాల వెంటపడడం. మీరు ‘కారు తరంగాన్ని తయారు చెయ్యదు’ అన్నది ఇక్కడే తప్పుదారి పట్టించింది. తిప్పి పంపే లోహపు తలం కూడా, తరంగం ఎక్కడి నుంచి బయలుదేరుతుందన్న లెక్కలో, కదిలే జనకమే. నిజానికి లోపల జరిగేది కూడా అదే: వచ్చిన తరంగం లోహంలోని ఎలక్ట్రాన్లను ఊపుతుంది, ఊగే ఆ ఎలక్ట్రాన్లే కొత్త తరంగాన్ని వెదజల్లుతాయి.

గన్ పంపిన పౌనఃపున్యం f0 అయితే, రెండు మెట్లనూ కలిపాక గన్‌కు తిరిగి చేరే పౌనఃపున్యం f2 ఇది:

```
f2 = f0 × (c + v) / (c − v)
తేడా = f2 − f0 = f0 × 2v / (c − v) ≈ 2 v f0 / c
```

ఇప్పుడు సంఖ్యలు. గంటకు 90 కిలోమీటర్లు అంటే సెకనుకు 25 మీటర్లు. v/c విలువ సుమారు 8.339 × 10⁻⁸. దీన్ని f0తో గుణిస్తే మొదటి మెట్టు దగ్గర పెరిగేది 2013.89 హెర్ట్జ్. రెండో మెట్టు దగ్గర పెరిగేది కూడా, కొలవగలిగినంత మేరకు, అంతే. మొత్తం 4027.79. పుస్తకంలోని 4028 ఇదే. ఇందులోంచి ఒక సులువైన కొలమానం కూడా దొరుకుతుంది: ఈ గన్‌కు గంటకు ఒక కిలోమీటరు వేగం అంటే 44.75 హెర్ట్జ్. దీన్ని గుర్తుపెట్టుకుంటే మిగతా లెక్కలన్నీ నోటితోనే చెయ్యవచ్చు.

శిఖరాలను పక్కనపెట్టి చూసినా ఇదే సమాధానం వస్తుంది, సరిచూసుకోవడానికి అది మంచి దారి. గన్ నుంచి కారుకు, కారు నుంచి గన్‌కు ఉన్న మొత్తం దారి కారు వేగానికి రెట్టింపు వేగంతో, అంటే సెకనుకు 50 మీటర్ల చొప్పున, తగ్గుతోంది. ఆ 50 మీటర్లలో 12.414 మిల్లీమీటర్ల తరంగాలు 4028 పడతాయి. అద్దం వైపు మీరు ఒక అడుగు వేస్తే మీ ప్రతిబింబం మీకు రెండు అడుగులు దగ్గరవుతుంది, ఆ రెండే ఈ రెండు.

పై సూత్రంలో c−v బదులు c వేసి ఉజ్జాయింపు చేశాం కదా, దానివల్ల ఎంత పోయిందని అడగడం న్యాయమే. ఈ ఉదాహరణలో పోయింది 0.00034 హెర్ట్జ్. అంటే గన్ సుమారు 50 నిమిషాలపాటు ఆగకుండా లెక్కపెడితే ఒక్క తరంగం తేడా వస్తుంది. గన్‌కు అంత ఓపికా ఉండదు, కారుకు అంత రోడ్డూ ఉండదు. సాపేక్ష సిద్ధాంతం ప్రకారం చేస్తే ఏమవుతుందని కూడా కొందరు అడుగుతారు. ఒక్కొక్క మెట్టు విడిగా చూస్తే సాపేక్ష సూత్రం వేరుగా ఉంటుంది, కాని రెండు మెట్లనూ గుణించినప్పుడు (c+v)/(c−v) అనే ఇదే ఫలితం, ఉజ్జాయింపు లేకుండా, అచ్చంగా వస్తుంది. కారు గడియారం నెమ్మదించడం వల్ల వెళ్లేటప్పుడు వచ్చే గుణకాన్ని తిరిగి వచ్చేటప్పుడు అదే గడియారం రద్దు చేస్తుంది. రాడార్ ప్రతిధ్వనిలో గడియారం ఒక్కటే, అది గన్ దగ్గరే ఉంది కాబట్టి ఇలా జరుగుతుంది.

అయితే ఈ ఉజ్జాయింపును ధ్వనికి వాడకండి. అదే కారును నిశ్చలమైన గాలిలో 40 కిలోహెర్ట్జ్ అతిధ్వనితో కొలిచారనుకోండి. ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు తీసుకుంటే అసలు తేడా సుమారు 6289 హెర్ట్జ్, ఉజ్జాయింపు సూత్రం ఇచ్చేది 5831. దాదాపు 7 శాతం లోటు. కాంతి వేగం ముందు కారు వేగం ఎంత చిన్నదో, అందుకే రాడార్ లెక్క ఎంత శుభ్రంగా ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక రెండో సందేహం. తిరిగి వచ్చిన తరంగం 24,150,004,028 హెర్ట్జ్, పంపినది 24,150,000,000. తేడా అరవై లక్షల్లో ఒక వంతు. ఈ రెండింటినీ విడివిడిగా కొలిచి తీసివేయాలంటే గన్‌లో తరంగాన్ని పుట్టించే మామూలు డోలకం పనికిరాదు, ఎందుకంటే వేడెక్కితేనే దాని పౌనఃపున్యం 4 కిలోహెర్ట్జ్ కంటే ఎన్నో రెట్లు జరిగిపోతుంది. అందుకే గన్ ఆ పని చెయ్యదు. పంపుతున్న తరంగంలోంచి కొద్ది భాగాన్ని, తిరిగి వచ్చిన తరంగాన్ని కలిపి మిక్సర్ అనే డయోడ్ మీదకు పంపుతుంది. రెండు దగ్గరి శ్రుతులు కలిసి మోగినప్పుడు చెవికి విస్పందనాలు వినిపించినట్టే, మిక్సర్ నుంచి రెండింటి తేడా మాత్రమే, అంటే 4028 హెర్ట్జ్ సంకేతం, బయటికి వస్తుంది. అది మనిషి చెవికి వినిపించే స్థాయిలోనే ఉంటుంది. చాలా గన్‌లలో దాన్ని చిన్న స్పీకరుకు కూడా ఇస్తారు. నిలకడగా, స్పష్టంగా మోగే ఈల ఒకే వాహనాన్ని సూచిస్తుంది, గరగరమని చెదిరిపోయే శబ్దం వస్తే అంకెను నమ్మకూడదు. నా అనుభవంలో తెర మీది అంకె కంటే ఆ శబ్దమే ముందుగా నిజం చెబుతుంది.

డోలకం జారుడు ఇక్కడ ఎందుకు దెబ్బతియ్యదో కూడా చూడండి. కారు 150 మీటర్ల దూరంలో ఉంటే తరంగం వెళ్లి రావడానికి పట్టేది ఒక మైక్రోసెకను. తిరిగి వచ్చిన తరంగాన్ని గన్ పోల్చేది అదే డోలకం ఒక మైక్రోసెకను తరువాత ఇస్తున్న తరంగంతో. డోలకం సెకనుకు ఒక మెగాహెర్ట్జ్ చొప్పున జారుతోందని అనుకున్నా, ఆ మైక్రోసెకనులో జారేది ఒక హెర్ట్జ్ మాత్రమే, వేగంలో గంటకు 0.02 కిలోమీటర్లు. జారుడు ఎంతున్నా అది రెండు తరంగాల్లోనూ ఉంటుంది, తీసివేతలో పోతుంది.

అలా దొరికిన 4028 హెర్ట్జ్‌ను లెక్కపెట్టడానికి కొంత కాలం కావాలి. పదోవంతు సెకను లెక్కపెడితే 403 తరంగాలు దొరుకుతాయి. ఒక తరంగం అటూ ఇటూ అయితే 10 హెర్ట్జ్, అంటే గంటకు 0.22 కిలోమీటర్ల అనిశ్చితి. ఆ వ్యవధిలో కారు జరిగేది రెండున్నర మీటర్లు. ఒకే పుంజంలో రెండు వాహనాలుండి వాటి వేగాల్లో గంటకు ఒక కిలోమీటరే తేడా ఉంటే, ఆ రెండు శ్రుతులనూ విడదీయడానికి కనీసం 22 మిల్లీసెకన్లు వినాలి. పౌనఃపున్యాన్ని ఎంత సన్నగా కొలవాలంటే అంతసేపు వినాలన్నది ఇక్కడ తప్పించుకోలేని షరతు.

మిక్సర్ విధానంలో పోయేది ఒకటుంది: గుర్తు. కారు దగ్గరికి వస్తే తేడా +4028, దూరంగా పోతే −4028, కాని మామూలు మిక్సర్ రెండింటికీ ఒకే ఈల ఇస్తుంది. దిశ కూడా తెలియాలంటే రెండు మిక్సర్లు పెట్టి, ఒకదానికి ఇచ్చే సూచన తరంగాన్ని పావు చక్రం వెనక్కి జరపాలి. అప్పుడు రెండు ఈలల్లో ఏది ముందు నడుస్తోందో చూసి కారు వస్తోందో పోతోందో చెప్పవచ్చు.

ఇంతవరకు కారు సరిగ్గా గన్ మీదికే వస్తోందని అనుకున్నాం. గన్ పట్టుకున్న మనిషి రోడ్డు మధ్యలో నిలబడడు కాబట్టి ఇది పూర్తిగా నిజం కాదు. సూత్రంలోని v కారు వేగం కాదు, గన్‌కు, కారుకు మధ్య దూరం తగ్గే వేగం. చూపు గీతకు, కారు ప్రయాణ దిశకు మధ్య కోణం 10 డిగ్రీలైతే గన్ చూపేది 88.6. 20 డిగ్రీలైతే కొసైన్ విలువ 0.9397, పౌనఃపున్యం 3785 హెర్ట్జ్, చూపే వేగం 84.6. గన్ కదలకుండా ఒకచోట ఉన్నంతవరకు ఈ కోణం వేగాన్ని తగ్గించి చూపుతుందే తప్ప పెంచి చూపదు. అందువల్ల ‘కోణం వల్ల నా వేగం ఎక్కువ చూపింది’ అనే వాదన, ఆగి ఉన్న గన్ విషయంలో నిలబడదు.

కదిలే వాహనంలో గన్ ఉన్నప్పుడు మాత్రం పరిస్థితి తిరగబడవచ్చు, ఈ భాగాన్ని జాగ్రత్తగా చదవండి. గన్ ఉన్న వాహనం 60తో వెళుతోంది, ఎదుటి కారు 90తో వస్తోంది అనుకుందాం. రెండూ దగ్గరయ్యే వేగం 150, దానికి తగిన శ్రుతి 6713 హెర్ట్జ్. గన్ తన సొంత వేగాన్ని ముందున్న రోడ్డు నుంచి, నిశ్చలంగా ఉన్న వస్తువుల నుంచి వచ్చే ప్రతిధ్వని ద్వారా తెలుసుకుంటుంది. అది 2685 హెర్ట్జ్ ఉండాలి. ఒకదాన్నుంచి ఒకటి తీసేస్తే మన 4028 వస్తుంది. కాని ఆ నిశ్చల ప్రతిధ్వని నేరుగా ముందునుంచి కాకుండా, 20 డిగ్రీల పక్కన ఉన్న పెద్ద లోహపు బోర్డు నుంచి బలంగా వచ్చిందనుకోండి. అప్పుడు గన్‌కు దొరికేది 2523 హెర్ట్జ్, తన సొంత వేగం 56.4 అని అది అనుకుంటుంది. 6713 నుంచి 2523 తీసేస్తే 4190 మిగులుతుంది, తెర మీద 93.6 కనిపిస్తుంది. గన్ తన వేగంలో పోగొట్టుకున్న 3.6 కిలోమీటర్లు ఎదుటి కారు ఖాతాలో పడ్డాయి. దీన్ని పట్టుకునే మార్గం సులువే: గన్ చూపుతున్న సొంత వేగాన్ని అదే క్షణంలో వాహనం స్పీడోమీటరుతో పోల్చాలి. అవి కలవకపోతే ఆ కొలతను వదిలెయ్యాలి.

చివరికి శ్రుతిదండం. మోగుతున్న దండాన్ని గన్ ముందు పట్టుకుంటే దాని భుజం ముందుకూ వెనక్కూ ఊగుతుంది, తరంగం వెళ్లి వచ్చే దారి అదే లయలో పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. మిక్సర్ ఇచ్చే వోల్టేజి ఆ దారి పొడవు మీద ఆధారపడుతుంది కాబట్టి అది కూడా సెకనుకు అన్నిసార్లే ఊగుతుంది. దండం సెకనుకు 4028 సార్లు కంపిస్తే మిక్సర్ నుంచి 4028 హెర్ట్జ్ వస్తుంది, గన్ దాన్ని 90 అని చదువుతుంది. భుజం ఆ వేగంతో కదులుతోందని దీని అర్థం కాదు. భుజం 0.1 మిల్లీమీటరు అటూ ఇటూ ఊగితే దాని గరిష్ఠ వేగం సెకనుకు రెండున్నర మీటర్లు, గంటకు దాదాపు 9 కిలోమీటర్లే. కారు విషయంలో శ్రుతి వేగం నుంచి పుట్టింది, దండం విషయంలో శ్రుతి దాని సొంతం, గన్‌కు ఈ రెండింటి మధ్య తేడా తెలియదు. తిరిగే ఫ్యాను రెక్కలు కూడా కొన్నిసార్లు లేని వేగాన్ని చూపించేది ఈ కారణంగానే.

ప్రతి దండమూ ఒక పౌనఃపున్య పట్టీకే చెల్లుతుంది. ఒకసారి పరీక్షకు నా చేతికి వచ్చిన ఒక గన్, 90 అని చెక్కి ఉన్న దండానికి 39 చూపింది. గన్ చెడిపోయిందని చీటీ కట్టి పంపారు. చూస్తే ఆ దండం 10.525 గిగాహెర్ట్జ్ పరికరానికి చెందినది. ఆ పట్టీలో 90కి తగిన శ్రుతి 1755 హెర్ట్జ్. దాన్ని 44.75తో భాగిస్తే 39.2. అంటే గన్ తన పని తాను సరిగ్గానే చేసింది.

దండం పరీక్ష దేన్ని పరీక్షించదో కూడా తెలుసుకోవాలి. అది మిక్సర్ తరువాతి లెక్కింపును మాత్రమే సరిచూస్తుంది. డోలకం 24.150 బదులు 24.250 గిగాహెర్ట్జ్ దగ్గర నడుస్తున్నా దండం కంపనాలు మారవు కాబట్టి తెర మీద అదే 90 కనిపిస్తుంది. నిజమైన కారుకు మాత్రం శ్రుతి 0.41 శాతం పెరిగి 90.4 వస్తుంది. ఆ లోపం చిన్నదే అయినా దాన్ని దండం ఎన్నటికీ బయటపెట్టదు. ప్రసార పౌనఃపున్యాన్ని విడిగా పౌనఃపున్య మాపకంతో కొలవాలి, లేదా వేగం నిర్దుష్టంగా తెలిసిన వాహనాన్ని గన్ ముందు నడిపించి చూడాలి. ఇంకొక పరిమితి, దిశను గుర్తించే గన్‌లకు సంబంధించినది: ఊగే భుజం ముందుకూ వెనక్కూ సమానంగా కదులుతుంది కాబట్టి దాని సంకేతంలో +4028, −4028 రెండూ సరిసమానంగా ఉంటాయి. అలాంటి గన్‌లో దిశను చెప్పే భాగం పనిచేస్తోందా లేదా అన్నది దండంతో తేలదు, ఆ పరీక్షకు నిజంగా దగ్గరికి వచ్చే వాహనమే కావాలి.